చింపేసిన చీటీ

ఈ వారం ఒక కట్ట కథలు నా దగ్గరికి వచ్చాయి. హైస్కూలు పిల్లల కోసం పెద్దలు రాసినవి, చదివి మంచివి ఏరిపెట్టమన్నారు. అందులో పదకొండు కథలది ఒకటే విషయం. తరగతిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది, పక్కనున్న పిల్లో పిల్లవాడో చూస్తారు, నోరు విప్పాలా వద్దా అని సతమతమవుతారు. పదకొండింటిలోనూ చూసినవాడు లేచి నిలబడ్డాడు. సారు తల దించుకున్నాడు. తరగతి చప్పట్లు కొట్టింది.

నాకు కోపం వచ్చింది. నిన్ననే తన తరగతిలో ఇలాంటిది చూసి నోరు మెదపకుండా ఇంటికెళ్లిన పద్నాలుగేళ్ల పిల్ల ఈ కథలు చదివితే ఏం తెలుసుకుంటుంది? తాను పిరికిదన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. తాను ఎందుకు ఆగిపోయిందో ఆ కథలో ఎక్కడా ఉండదు.

ఆ ‘ఎందుకు’ను బాగా పట్టుకున్న కథ ఒకటుంది. అమెరికా రచయిత్రి ఎలినార్ ఎస్టెస్ 1944లో రాసిన ‘ది హండ్రెడ్ డ్రెసెస్’. చాలా ఏళ్లు ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లిషు పుస్తకంలో పాఠంగా ఉండేది. పోలండు నుంచి వచ్చిన కుటుంబం పిల్ల వాండా, రోజూ అదే వెలిసిపోయిన నీలం గౌనుతో బడికి వస్తుంది. ఇంట్లో తనకు వంద గౌన్లున్నాయంటుంది. పెగ్గీ అనే పిల్ల రోజూ ‘ఎన్ని గౌన్లు?’ అని అడిగి నవ్విస్తుంది. పక్కన మ్యాడీ నిలబడి ఉంటుంది. కథ మ్యాడీదే. ఆమె కూడా పేదపిల్లే, ఒంటిమీది గౌను పెగ్గీ విడిచినదే. ఇక ఇది ఆపమని పెగ్గీకి ఒక చీటీ రాయబోతుంది. అంతలో వాండా స్థానంలో తానే నిలబడ్డట్టు కళ్ల ముందు మెదులుతుంది. చీటీ చింపేస్తుంది. తర్వాత వాండా ఇంటికి వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆ ఇల్లు ఖాళీ.

ఆ చింపిన చీటీ దగ్గరే కథంతా ఉంది. చూసినవాళ్లకు పోయేదేమిటో రచయితకు తెలియాలి, అది పాఠకుడికి చేతికి తగిలేంత స్పష్టంగా ఉండాలి. ‘భయమేసింది’ అని రాస్తే సరిపోదు. దేనికి భయం?

ఆ లెక్క తేల్చుకుందామని మొన్న నాగల్‌గిద్దలో కొంతమంది తొమ్మిది, పదో తరగతి పిల్లలతో కూర్చున్నాను. 2016లో కొత్తగా ఏర్పడ్డ మండలం, పక్కనే కర్ణాటక, మహారాష్ట్ర కూడా ఎంతో దూరం లేదు. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్న నలుగురి ఇళ్లలో తెలుగు, కన్నడం, మరాఠీ, లంబాడీ ఉంటాయి. నారాయణఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి ఏటా చెరుకు కొట్టడానికి కుటుంబాలు తరలిపోతాయని అక్కడ అందరికీ తెలుసు. పిల్లలు కూడా బండెక్కుతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు సగం దాటి ఉంటాయి.

అక్కడే మేం ఒక కథ కట్టాం. చెరుకు నుంచి తిరిగొచ్చిన తండా పిల్ల పోయిన పాఠాలన్నీ రాసుకుని సారుకు చూపించింది. సారు పేజీలు తిప్పి, ‘ఇది నువ్వు రాసింది కాదు’ అని నోట్సు నడిమికి చింపి బల్ల మీద పడేశాడు. ఆ పిల్ల ప్రతి పేజీ తన చేత్తో రాసిందని తరగతిలో ఇంకో అమ్మాయికి ఒక్కదానికే తెలుసు. తన నోట్సు ఇచ్చి, పక్కన కూర్చుని రాయించింది ఆమే.

ఇక ఆమెకు పోయేదేమిటి? ఇక్కడే పిల్లలు నన్ను దాటిపోయారు. నేను సారును చెడ్డవాడిని చేశాను. వాళ్లు ఒప్పుకోలేదు. సారు మంచోడే, తండాకు బండి మీద పోయి పిల్లల్ని బడికి తెచ్చేది ఆయనే, బాసర ట్రిపుల్‌ఐటీకి దరఖాస్తు నింపిస్తానని ఈ అమ్మాయికి మాటిచ్చింది కూడా ఆయనే అన్నారు. ఒకబ్బాయి ఇంకో ముడి వేశాడు. ఈ అమ్మాయి నాయిన మేస్త్రీ, తండావాళ్లకు అడ్వాన్సు ఇచ్చి చెరుకుకు తోలేది ఆయనే. ఆ పిల్లను పాఠాలకు దూరం చేసిన డబ్బుతోనే ఈమె ఇల్లు నడుస్తుంది. ఇంత మెలిక నాకు తట్టలేదు.

ఆ క్షణం తరగతిలో పట్టుమని పది సెకన్లు. గొంతు తడారేలోపు సారు పాఠం మొదలుపెట్టేశాడు. మన కథలన్నీ ఈ పది సెకన్లనే పట్టుకుని వేలాడతాయి, అప్పుడు లేస్తే వీరుడు, లేవకపోతే పిరికివాడు. బడిలో అలా ఉండదు. ఇంటర్వల్ ఉంది, మధ్యాహ్నం అన్నం గంట ఉంది, సారు బండి స్టార్టు చేసే సాయంత్రం ఉంది, రేపుంది. మాట్లాడే అవకాశం నాలుగుసార్లు వస్తుంది, ప్రతిసారీ మాట ఇంకొంచెం బరువెక్కుతుంది. కథ నడవాల్సింది ఆ గంటల్లో.

ఇంకొకటి, అన్యాయం జరిగిన పిల్లను మన కథల్లో ఎవరూ ఒక్క మాట అడగరు. నాగల్‌గిద్ద కథలో అన్నం దగ్గర ఈ అమ్మాయి, ‘సారుకు చెప్పాల్నా?’ అని అడిగింది. ‘నువ్వేం చెప్పకు, మల్ల నా మీదికే వస్తది’ అంది తండా పిల్ల. ఇప్పుడు చెప్పడం స్నేహమా, చెప్పకపోవడం స్నేహమా? దీని మీద పిల్లలు అరగంట కొట్లాడుకున్నారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని నేను చెప్పాను. విన్నారు. కానీ పక్క బెంచీ పిల్ల ఏం చేయాలో ఆ సెక్షనులో లేదు.

చివరికి ఈ అమ్మాయి సాయంత్రం బండి దగ్గర సారుకు చెప్పింది. ఆయన కాసేపు తాళంచెవి తిప్పుతూ నిలబడి, ‘సరే, పో’ అన్నాడు. మర్నాడు చిరిగిన నోట్సులో ప్రతి పేజీకీ టిక్కు పెట్టి తిరిగిచ్చాడు. తరగతికి మాత్రం ఏమీ చెప్పలేదు. అవమానం అందరి ముందు, దిద్దుబాటు ఎవరూ చూడకుండా. చప్పట్లు లేవు. నా దగ్గరున్న పదకొండు కథలకన్నా ఇది నాకు ఎక్కువ నిజంగా కనిపించింది.

ఇలాంటి కథలు తెలుగులో లేవా అంటే ఉన్నాయి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన కథలున్నాయి అందులో. అట్టడుగు వర్గాల పిల్లలు తామే కథానాయకులుగా ఉన్న పుస్తకాలవి. నాగల్‌గిద్దలో నా ఎదురుగా కూర్చున్న పిల్లల్లో ఒక్కరు కూడా వాటిని చూడలేదు. చూడడానికి అవి అక్కడికి చేరాలి కదా. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనందరం కడుతున్నాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం పెట్టిన పన్ను. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయక బాకీ పడుతున్నాయని ఎన్నేళ్లుగానో వింటున్నాం. పుస్తకం కోసం తీసుకున్న పైసను పుస్తకానికి ఇవ్వకపోవడం కూడా తండా పిల్లకు జరిగిన అన్యాయమే. నేను దీన్ని ఈ శీర్షికలో మళ్లీ రాస్తాను, ఆ పైసలు కదిలేదాకా రాస్తాను.

ఆ రోజు కథ అయిపోయిందనుకుని లేస్తున్నాను. వెనక బెంచీలో అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని పిల్ల చెయ్యెత్తింది.

‘సార్, నోట్సు నడిమికి చింపిండు గదా. కొత్త నోట్సు ఎవరు గొనిచ్చిండ్రు?’