బోర్డు పోయిందమ్మా!

వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చే అబ్బాయిల నోట ఈమధ్య ఒకటే మాట వినబడుతోంది. ముందు తలుపున్న మెషీన్ బట్టలు పిండకుండా మొరాయించిందనుకోండి. అతగాడు వస్తాడు. తెరమీద మెరుస్తున్న అక్షరాలు చూస్తాడు. వెనక రేకు విప్పడు, డ్రమ్ము చేత్తో ఒక్కసారి తిప్పి చూడడు, ఏం జరిగిందమ్మా అని మాటవరసకైనా అడగడు. "బోర్డు పోయిందమ్మా, మార్చాలి" అని తీర్పు చెప్పి, వేలల్లో లెక్క రాసిస్తాడు.

ఇదెక్కడి వైద్యమండీ? జ్వరం వచ్చిందంటే థర్మామీటరు చూసి తలకాయ మార్చాలన్నట్టుంది!

అసలు ఆ అక్షరాలేమిటో చూద్దాం. మెషీన్ లో ఉన్న బోర్డు ఒక లెక్కల గుమాస్తా లాంటిది. దానికి కళ్ళు లేవు. నీళ్ళెన్ని ఉన్నాయో ఒక సెన్సారు చెప్పాలి. తలుపు పడిందో లేదో గొళ్ళెం చెప్పాలి. మోటారు ఎంత వేగంగా తిరుగుతోందో దాని వెనక ఉండే టాకో అనే చిన్న తీగచుట్ట చెప్పాలి. ఎవరి దగ్గరినుంచైనా కబురు రాకపోతే గుమాస్తా పని ఆపేసి, తెరమీద ఫిర్యాదు రాస్తుంది. 'మోటారు కోడు' అంటే "నేను తిప్పమన్నట్టు తిరిగిందన్న కబురు నాకు అందలేదు" అని మాత్రమే అర్థం. మోటారే పాడయిందా, కబురు తెచ్చే తీగ తెగిందా, లేక గుమాస్తాకే మతిపోయిందా అన్నది ఆ కోడు చెప్పదు. పైగా కోడు అక్షరాలు కంపెనీకో రకం.

మరి ఎవరు చెబుతారు? మెషీన్ పక్కన నుంచుని అది చేసిన చప్పుడు విన్న మనిషి చెబుతుంది. ఆ మనిషి సాధారణంగా ఆ ఇంటి ఇల్లాలు. ఆవిడ సాక్ష్యం ఎవరికీ అక్కర్లేకపోవడమే నా తగాదా అంతా.

మాకు తెలిసిన ఒక టీచరుగారింట్లో జరిగిన సంగతి చెబుతాను, చిత్తగించండి. వాళ్ళ మెషీన్ ఏడేళ్ళది, బెల్టుతో తిరిగే మోటారు. బట్టలన్నీ శుభ్రంగా ఉతికింది, నీళ్ళు బయటికి తోసింది. పిండడం మొదలుపెట్టి, డ్రమ్ము వేగం అందుకుంటూ ఉండగా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. రెండు మూడుసార్లు ప్రయత్నించి, మోటారు కోడు చూపించి కూర్చుంది. వచ్చిన అబ్బాయి మామూలు పాటే పాడాడు. ఆవిడ లెక్కలు చెప్పే మనిషి, ఊరుకుంటుందా?

"ఆగు నాయనా. నీళ్ళు పోకపోతే అది పిండటం మొదలే పెట్టదు గదా? మొదలుపెట్టిందంటే పంపు, నీటి సెన్సారు బాగున్నట్టే. బట్టలు ఒకపక్కకి చేరాయేమోనని ఖాళీ డ్రమ్ముతో తిప్పి చూశాను, అప్పుడూ అంతే. నలభై నిమిషాలసేపు అటూ ఇటూ నెమ్మదిగా తిప్పి ఉతికింది. బోర్డు పోతే ఆ పని ఎలా చేసిందోయ్?" అని అడిగింది.

అబ్బాయి దగ్గర జవాబు లేదు. ఎలా ఉంటుంది? ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఇలాంటి మోటార్లలో దిక్కు మార్చేవి బోర్డు మీది రిలేలు. అవి చెడితే డ్రమ్ము ఒకవైపే తిరుగుతుంది. వేగాన్ని అదుపులో పెట్టే ట్రయాక్ అనే ముక్క కాలి అతుక్కుపోతే, ఉతికేటప్పుడే డ్రమ్ము ఒక్కసారిగా దెయ్యం పట్టినట్టు పరుగెత్తుతుంది. ఆవిడ మెషీన్ ఈ రెండూ చేయలేదు. అంటే బోర్డు మీద అనుమానం చాలావరకు తీరిపోయింది.

ఇక మిగిలిన ముద్దాయిలు ఇద్దరు. మొదటిది మోటారులోని కార్బన్ బ్రష్షులు. పెన్సిలు ముక్కల్లా ఉండి ఏళ్ళ తరబడి అరిగిపోతాయి. అరిగినప్పుడు మోటారు నీరసపడుతుంది, తడిబట్టల బరువుకు తటపటాయిస్తుంది, ఒక్కోసారి నిప్పురవ్వలు, మాడు వాసన వస్తాయి. రెండోది టాకో, దాని తీగ. ఉతికేటప్పుడు డ్రమ్ము నిమిషానికి యాభై చుట్లు తిరిగితే గొప్ప. పిండేటప్పుడు వెయ్యి దాటుతుంది. లోపలి తొట్టి స్ప్రింగుల మీద ఊగుతూ ఉంటుంది, బోర్డేమో కదలని గోడకి ఉంటుంది. ఆ రెంటినీ కలిపే తీగ రోజూ ఊగి ఊగి, పైతొడుగు బాగానే ఉన్నా లోపలి రాగి తెగుతుంది. నెమ్మదిగా తిరిగినంతసేపూ తెగిన కొసలు ఆనుకునే ఉంటాయి. వేగం అందుకోగానే విడిపోతాయి. కబురు ఆగుతుంది, గుమాస్తా హడలిపోయి పని ఆపేస్తుంది. టీచరుగారు చెప్పిన కుదుపు ఇదే కాబోలు!

అనుమానం రుజువు కావాలి గదా? ఆవిడ వేరే ముసలి మెకానిక్కుని పిలిపించింది. ఆయన ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పి, ముందు బ్రష్షులు చూశాడు. ఇంకా రెండు సెంటీమీటర్ల పైన ఉన్నాయి. ఆ తర్వాత తీగకి బోర్డు వైపు కొసన మీటరు పెట్టాడు. టాకో చుట్ట నిరోధం ముల్లు నిలకడగా చూపించింది. ఇంకొకరైతే "బాగానే ఉంది" అని అక్కడితో వదిలేసేవారు. ఆయన మీటరు తీయకుండా తీగని వేళ్ళతో అటూ ఇటూ వంచాడు. ఒకచోట వంచగానే ముల్లు పడిపోయింది. దోషి దొరికింది! జానెడు తీగ మార్చి, టంకం పెట్టి, ఊగడానికి కాస్త వదులు ఉంచి కట్టాడు. ఖర్చు వందల్లో తేలింది.

అందరి మెషీన్లూ ఇలా ఉండవనుకోండి. బెల్టు లేకుండా మోటారు నేరుగా డ్రమ్ముకే తగిలించిన వాటిలో బ్రష్షులుండవు. టాకో బదులు హాల్ సెన్సారు ఉంటుంది. మోటారులో మూడు తీగచుట్టలు ఉంటాయి. ఏ రెండు కొసల మధ్య కొలిచినా నిరోధం ఒకేలా రావాలి, ఒకటి తేడా వస్తే మోటారే దోషి. ఏ రకంలోనైనా బోర్డులు నిజంగా కాలిపోవడమూ ఉంది. నేను కాదనడంలేదు. కాని బోర్డు మీద నేరం అందరికన్నా చివర మోపాలి. అది ఖరీదైన ముక్క. తీగలూ సెన్సార్లూ పది నిమిషాల్లో చూడవచ్చు. చూడకుండా కొత్త బోర్డు బిగిస్తే, తెగిన తీగ తెగినట్టే ఉంటుంది, మర్నాడు అదే కోడు మళ్ళీ పలకరిస్తుంది. అప్పుడు "అయితే మోటారమ్మా" అంటాడు. ఒక్కొక్క ముక్కే మార్చుకుంటూ పోతే ఏదో ఒకనాటికి బాగవుతుంది లెండి, ఈలోగా కొత్త మెషీనే వచ్చేది!

అలాగని మనమే స్క్రూడ్రైవరు పట్టుకోమని నా సలహా కాదు. ప్లగ్గు తీసినా బోర్డులో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది. వెనక రేకు జోలికి పోకండి. మన పని చూడడం, వినడం. పంపు ఫిల్టరు శుభ్రం చేసి, ఖాళీ డ్రమ్ముతో ఒకసారి పిండించి చూడండి. ఉతికేటప్పుడు రెండు వైపులా తిరిగిందా? నీళ్ళు పూర్తిగా పోయాయా? పిండడం మొదలే పెట్టలేదా, మొదలుపెట్టి ఆగిందా? ఆగేముందు కుదిపిందా, నీరసించిందా, వాసన వచ్చిందా? ఇవి ఒక కాగితం మీద రాసి, వచ్చిన అబ్బాయి చేతిలో పెట్టండి. చదవకుండా "బోర్డు పోయిందమ్మా" అంటే, "ఏ ముక్క కొలిచి తెలుసుకున్నావు బాబూ?" అని ఒక్క ప్రశ్న వేయండి. కొలిచినవాడు చూపిస్తాడు. కొలవనివాడికి మంచినీళ్ళిచ్చి పంపించేయండి.