లీవ్ లెటర్ కాదు, లెక్క

స్కూల్లో మనందరికీ మొదట నేర్పింది లీవ్ లెటర్. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలై "కైండ్లీ గ్రాంట్ మీ" అని ముగుస్తుంది. కష్టం నాది, దయ మీది. ఉద్యోగంలో చేరాక టైమింగ్స్ మార్చమనో, వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వమనో అడిగేటప్పుడు కూడా మనం అదే లెటర్ రాస్తాం. అది తప్పు ఫార్మాట్ అని నా అభిప్రాయం. మా అక్క విషయంలో కళ్లారా చూశా.

అక్క హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. పోయినేడాది నాన్నకి డయాలసిస్ మొదలైంది. మంగళవారం, శుక్రవారం, పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా. అమ్మ ఒక్కతే తీసుకెళ్లలేదు, నేనేమో హాస్టల్లో. "నాన్నగారి ఆరోగ్యం బాలేదు, దయచేసి వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వండి" అని అక్క మేనేజర్‌కి మెయిల్ పెట్టింది. ఆయన మంచివాడే. "జాగ్రత్తమ్మా, కావాలంటే లీవ్ పెట్టుకో" అన్నాడు. ఆ లెక్కన లీవులు మూడు నెలలు కూడా రావు. ఆ రాత్రి అక్క రిజైన్ చేస్తానంది.

అప్పుడు నాన్న మాట్లాడారు. ఆయన ఇరవై ఏళ్లు కిరాణా కొట్టు నడిపారు. "హోల్‌సేల్ ఆయన దగ్గరికెళ్లి కష్టంగా ఉంది, అప్పివ్వండి అంటే జాలిపడి టీ ఇప్పిస్తాడు. నెలకి ఇంత సరుకు మీ దగ్గరే తీసుకుంటా అని లెక్క చెబితే సరుకిస్తాడు. మీ సార్‌కి నువ్వు లెక్క చెప్పలేదమ్మా."

అక్క పాత టికెట్లు తీసి చూసింది. వాళ్ల క్లయింట్ న్యూయార్క్‌లో. అక్కడ పొద్దున తొమ్మిదయితే ఎండాకాలంలో ఇక్కడ సాయంత్రం ఆరున్నర. వాళ్లు పని మొదలుపెట్టి డౌట్ అడిగే టైముకి అక్క లాగౌట్ చేసి, అమీర్‌పేటలో మెట్రో మారుతూ ఉంటుంది. నాలుగు వారాల్లో ఆరున్నర తర్వాత ఇరవై రెండు ప్రశ్నలొస్తే, పదిహేడింటికి జవాబు మర్నాడు పొద్దునే వెళ్లింది. అంటే వాళ్లకి ఒక రోజు పోయినట్టే. అది మేనేజర్ సమస్య.

రెండో మెయిల్ ఒక స్క్రీన్ దాటలేదు. అది ఇంగ్లిష్‌లో రాసింది, సారాంశం ఇదీ:

"మంగళ, శుక్రవారాలు ఇంటి నుంచి పన్నెండున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పనిచేస్తాను. కారణం నాన్నగారి డయాలసిస్. ఆ రెండు సాయంత్రాలు క్లయింట్ ప్రశ్నలకి అదే రోజు జవాబిస్తాను. ఆఫీసులో ఉన్న ఫోన్ల మీద చేయాల్సిన టెస్టింగ్ మిగతా మూడు రోజుల్లో పూర్తిచేస్తాను. పొద్దున స్టాండప్‌కి ముందు రోజు రాత్రే అప్‌డేట్ పెడతాను. నాలుగు వారాలు ట్రయల్. పెండింగ్ ప్రశ్నలు తగ్గకపోతే పాత టైమింగ్స్‌కి వచ్చేస్తాను."

ఇందులో నాన్న గురించి ఒక్క వాక్యమే ఉంది. దాచలేదు, దాని మీద ఆధారపడనూ లేదు. ఇంకో సంగతి నాకు తర్వాత అర్థమైంది. మేనేజర్ కూడా పైన ఇంకొకర్ని అడగాలి. మొదటి మెయిల్ ఫార్వర్డ్ చేసి ఆయన ఏం చెప్పగలడు? రెండోది మాత్రం అలాగే ఫార్వర్డ్ చేశాడు. "రేపు అందరూ అడుగుతారు కదా" అని పైనుంచి ఒక ప్రశ్న వచ్చిందట. "ఇలాంటి లెక్కతో వస్తే చూద్దాం" అన్నాడట ఈయన.

ట్రయల్ సాఫీగా ఏం సాగలేదు. రెండో వారం డయాలసిస్ లేటయి అక్క ఒంటిగంటన్నరకి లాగిన్ అయింది. ముందే మెసేజ్ పెట్టి, ఆ గంట రాత్రి కూర్చుంది. నాలుగు వారాలయ్యాక మళ్లీ లెక్క చూసింది. మర్నాటికి మిగిలినవి పదిహేడు నుంచి తొమ్మిదికి దిగాయి. ఆ తొమ్మిదీ దాదాపుగా ఆఫీసు రోజులవే. ట్రయల్‌ని మూడు నెలలకి పొడిగించారు, ఆ తర్వాత మళ్లీ చూస్తామన్నారు. పర్మనెంట్ కాదు, కానీ ఉద్యోగం ఉంది.

ఇది ప్రతిచోటా పనిచేస్తుందని నేననను. కంపెనీ రూలే వద్దంటే మేనేజర్ చేతిలో ఏమీ ఉండదు. కొత్తగా చేరిన మనలాంటివాళ్లకి మొదటి కొన్ని నెలలు సీనియర్ పక్కన కూర్చోవడమే లాభం, అప్పుడు చూపించడానికి మన దగ్గర లెక్క కూడా ఉండదు. ఇంకొకటి, నిజంగా మానేసే ఉద్దేశం లేకుండా రిజైన్ చేస్తానని బెదిరించొద్దు. "సరే" అంటే ఏం చేస్తాం?

దీన్ని ఇంగ్లిష్‌లో బిజినెస్ కేస్ అంటారని మా సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో పీపీటీ చూపించారు. దానికి తెలుగు మాటేంటని నాన్నని అడిగా. "మాటెందుకురా, బేరం చేసేవాడు ఎదుటివాడి కొట్టు కూడా చూడాలి" అన్నారు. ఆ రోజు మంగళవారం. పక్క గదిలో అక్క న్యూయార్క్‌తో మాట్లాడుతోంది.