అవ్వ ముక్కుపుడక ఏ వైపు?

కణేకల్ చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్ల గోడల మీద కనిపించే దృశ్యమే. పూలదండ వేసిన ఫ్రేములో అవ్వ ఉంటుంది. ముఖం ఆవిడదే కానీ పట్టుచీర మాత్రం మరొకరిది. బతికినన్నాళ్లూ స్టూడియో మెట్లెక్కని మనిషికి మిగిలేది రేషన్ కార్డు మీదున్న చిన్న ఫొటోనో, పెళ్లి గుంపులో దొరికిన ముఖమో! దాన్ని తెచ్చి, చీర కట్టుకుని కూర్చున్న మరొకరి ఫొటోకు అతికించమంటారు. ఒకప్పుడు కత్తెర, బ్రష్షుతో చేసిన ఈ పనిని ఇప్పుడు కంప్యూటర్ అర నిమిషంలో చేసేస్తోంది. అయినా ఫొటో చూసిన మనవరాలు 'ఇది మా అవ్వ కాదప్పా' అంటుంది. కళ్లు అవే, నవ్వూ అదే. మరి తేడా ఎక్కడ? బొట్టు పక్కకు జరిగింది. ముక్కుపుడక మాయమైంది. చెవులకు ఎవరివో జూకాలు వేలాడుతున్నాయి.

కంప్యూటర్ ఎందుకిలా చేస్తుంది?

ఉచితంగా దొరికే ముఖం మార్పిడి సాఫ్ట్‌వేర్లలో చాలావాటి వెనక inswapper_128.onnx అనే ఫైలు పనిచేస్తుంది. పేరులోని 128లోనే అసలు సంగతి ఉంది. ఎంత పెద్ద ఫొటో ఇచ్చినా అది ముఖాన్ని 128 పిక్సెళ్ల చదరంలోకి కుదించి, అక్కడ మార్చి, మళ్లీ పెద్దది చేసి అతికిస్తుంది. మనిషి ముఖం వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు. ఆ చదరంలో ఒక్కో పిక్సెల్‌కు మిల్లీమీటరు కంటే ఎక్కువే వస్తుంది. అంటే మూడు మిల్లీమీటర్ల ముక్కుపుడకకు దక్కేది రెండు పిక్సెళ్లే. అది రాయిలా కాదు, మచ్చలా మిగులుతుంది.

ఇంకో చిక్కుంది. అవ్వ ఫొటో నుంచి సాఫ్ట్‌వేర్ తీసుకునేది ముఖం పోలికలను మాత్రమే. పెట్టుకున్న బొట్టు, పుడక ఆ పోలికల లెక్కలోకి రావు. పైగా చీర ఫొటోలో ఉన్నావిడ బొట్టు సగం చెరిగి కొత్త ముఖం మీద నీడలా తేలుతుంది. ముఖం నునుపు తేలడానికి ఆ తర్వాత GFPGAN, CodeFormer వంటివి వాడతారు. ఇవి ఎక్కువగా ఫ్లికర్ వెబ్‌సైట్ నుంచి సేకరించిన 70,000 ముఖాలతో శిక్షణ పొందాయి. మిగిలిన ఆ చిన్న మచ్చను కూడా ఇవి చర్మం మీది మరకనుకుని తుడిచేయగలవు.

చెవుల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. సాఫ్ట్‌వేర్ మార్చే భాగం సాధారణంగా చెంపల దగ్గరే ఆగిపోతుంది కనుక చెవులు, కమ్మలు చీర ఫొటోలోవే ఉంటాయి. అవ్వ చెవులకు బావిలీలు ఉండేవా, తమ్మెలు సాగి ఉండేవా అన్నది ఇంట్లోవాళ్లే చెప్పాలి. తేడా ఉంటే చెవులనూ అవ్వ ఫొటో నుంచే విడిగా తెచ్చుకోవాలి.

ముందు చెరపాలి, చివర పెట్టాలి

కాబట్టి పని వరుస మార్చుకోవాలి. చీర ఫొటోలో ఉన్నావిడ బొట్టు, ముక్కుపుడక మొదటే చెరిపేయాలి. ఆ తర్వాతే ముఖం మార్చి, నునుపు చేయాలి. అన్నీ అయ్యాక, అవ్వ పాత ఫొటోలోంచి బొట్టునూ పుడకనూ విడి లేయర్లుగా తెచ్చి చేత్తో పెట్టాలి. పాత ఫొటో మరీ మసకగా ఉంటే, అలాంటి పుడకనే విడిగా ఫొటో తీసి వాడుకోవచ్చు.

ఎక్కడ పెట్టాలో కంటికొలతకు వదిలేయకూడదు. ఒక ఉదాహరణ చూద్దాం. పాత ఫొటోలో రెండు కనుపాపల మధ్య దూరం 80 పిక్సెళ్లు. కనుబొమల గీతకు 24 పిక్సెళ్ల పైన బొట్టు ఉంది. బొట్టు వెడల్పు 16. కొత్త ఫొటోలో కనుపాపల మధ్య దూరం 200 అనుకుందాం. అంటే రెండున్నర రెట్లు. బొట్టు కనుబొమలకు 60 పిక్సెళ్ల పైన, 40 పిక్సెళ్ల వెడల్పుతో రావాలి. ఆ 60ని ఫొటో అంచుకు సమాంతరంగా నిలువునా కొలవకూడదు. గడ్డం నుంచి కనుబొమల నడుమకు ఊహించుకున్న గీత వెంట కొలవాలి. తల పక్కకు వంగితే బొట్టు కూడా దానితోపాటే వంగుతుంది. జూకా మాత్రం వంగదు. తల ఎటు వాలినా అది నేలవైపే వేలాడుతుంది. బొట్టు నిటారుగా, జూకా వాలుగా కనిపించిందంటే అతుకు పని బయటపడ్డట్టే!

కుంకుమ బొట్టయితే లేయర్‌ను Multiply పద్ధతిలో ఉంచితే కింది చర్మం గీతలు కనబడి సహజంగా ఉంటుంది. స్టిక్కర్ బొట్టుకు అది నప్పదు. దానికి అంచున సన్నటి నీడ చాలు. పుడక రాయి మీది మెరుపు, కళ్లలోని మెరుపు ఉన్న వైపే ఉండాలి.

కుడి ఎడమల తికమక

ముక్కుపుడక కొందరికి కుడివైపు, కొందరికి ఎడమవైపు, కొందరికి రెండువైపులా ఉంటుంది. 'కుడి' అంటే అవ్వ కుడి, చూసేవాళ్లకు ఎడమ. ఇక్కడే సగం పొరపాట్లు జరుగుతాయి. పాత నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేసినా, సెల్‌ఫోన్ ముందు కెమెరాతో తీసినా ఫొటో అద్దంలోలా తారుమారై ఉండొచ్చు. వెనకున్న అక్షరాలు తిరగబడ్డాయేమో చూడాలి. పైట ఎడమ భుజం మీద ఉందా అన్నదీ ఒక గుర్తే కానీ, కుడి పైట వేసే కుటుంబాలూ ఉన్నాయి. అందుకే అవ్వ ఉన్న మరో ఫొటోతో పోల్చడం మేలు.

చీర ఫొటోలో ఉన్నావిడ తన కుడివైపుకు బాగా తిరిగి కూర్చుంటే ముక్కు కుడివైపు కెమెరాకు కనిపించదు. అవ్వ పుడక కుడివైపుదైతే ఆ ఫొటోలో అది కనబడకపోవడమే సరైనది. కనిపించాలని ఎడమవైపు పెట్టేస్తే అవ్వ మారిపోయినట్టే. పుడక తప్పనిసరిగా కనిపించాలంటే ఎదురుగా చూస్తున్న మరో ఫొటో ఎంచుకోవాలి.

నుదురు చెప్పే కథ

తాతల ఫొటోలకు మరింత జాగ్రత్త కావాలి. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉన్న ఈ ప్రాంతంలో ఒక్కో నుదుటిది ఒక్కో తీరు. లింగాయతులకు విభూతి అడ్డగీతలు. మాధ్వులకు అంగారం నిలువుగీత, కింద అక్షత చుక్క. శ్రీవైష్ణవుల్లో తెంగలై వారి నామం ముక్కు మీదికి దిగుతుంది, వడగలై వారిది దిగదు. సాఫ్ట్‌వేర్ మార్చే భాగం చాలాసార్లు నుదుటి మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు నామం పైసగం ఒకరిది మిగిలి, కిందిసగం చెరిగిపోతుంది. విభూతి ఉండాల్సిన తాతకు సగం నామం వచ్చిందంటే అది చిన్న పొరపాటు కాదు. అందుకే చీర ఫొటోలో బొట్టు చెరిపినట్టే, ఇక్కడా ముఖం మార్చకముందే నుదురంతా శుభ్రం చేసుకోవాలి.

కంప్యూటర్ తేల్చలేనిది మరొకటుంది. అవ్వ చివరి ఏళ్లలో బొట్టు పెట్టుకోలేదు. గోడ మీది ఫొటోలో పెట్టాలా, వద్దా? ఒక ఇంట్లో కొడుకు వద్దంటాడు, మరో ఇంట్లో కూతురు పెట్టాల్సిందే అంటుంది. స్టూడియోవాళ్లు సొంతంగా నిర్ణయించకూడని విషయమిది. ఆర్డరు రాసుకునేటప్పుడే నాలుగు ప్రశ్నలు అడిగి కాగితం మీద పెట్టుకోవాలి. బొట్టు ఉండాలా, ఎలాంటిది? పుడక ఏ వైపు? చెవులకు ఏం పెట్టుకునేవారు? నుదుటి గుర్తు ఏది? ఫ్రేము కట్టేముందు మామూలు ప్రింటు తీసి, అవ్వను బాగా ఎరిగిన పెద్దవాళ్లకు చూపించాలి. వాళ్ల చూపు ముందుగా పోయేది ముక్కు మీదికే!