వారం ఎప్పుడు ముగుస్తుంది? విజయవాడలోనా, డల్లాస్‌లోనా?

గంటల లెక్కన విదేశీ కంపెనీలకు పనిచేసే మన కాంట్రాక్టర్లకు బిల్లు దగ్గర పేచీ వస్తే, ముందుగా ఒకరి నిజాయతీ మీద ఇంకొకరికి అనుమానం పుడుతుంది. 'చేయని గంట వేశాడు' అని అటువైపు, 'చేసిన గంట కోసేశారు' అని ఇటువైపు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. తప్పు ఒప్పందంలో ఉంటుంది. గంటకు ఎన్ని డాలర్లో అందులో రాసుకుంటారు కానీ, ఆ గంటను ఎవరి గడియారంతో కొలవాలో, వారం ఏ క్షణంలో మూతపడుతుందో రాసుకోరు.

విజయవాడలో ఒక డెవలపర్, డల్లాస్‌లో ఒక చిన్న కంపెనీ, గంటకు 20 డాలర్లు అనుకుందాం. 2026 నవంబర్ 1 ఆదివారం. వాడకందారులు నిద్రలో ఉండగా సర్వర్ మార్చాలి కాబట్టి మనవాడు ఉదయం 11.30కి కూర్చుని మధ్యాహ్నం 2.30కి లేచాడు. సరిగ్గా మూడు గంటలు. మొదలుపెట్టినప్పుడు డల్లాస్‌లో రాత్రి ఒంటిగంట, ముగించేసరికి మూడు. కంపెనీ అకౌంటెంట్ మూడులోంచి ఒకటి తీసేసి రెండు గంటలకే డబ్బు కట్టాడు. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు కాగానే గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఒంటిగంట నుంచి రెండు దాకా ఉన్న గంట ఆ రాత్రి రెండుసార్లు వస్తుంది. మార్చి రెండో ఆదివారం ఇందుకు తలకిందులు. అక్కడ గంట మాయమవుతుంది కాబట్టి, గోడ గడియారం చూసి లెక్కేస్తే కాంట్రాక్టర్‌కే గంట ఎక్కువ ముడుతుంది. మనకు ఈ తిప్పుడు లేదు. అందుకే మనవాళ్లు ఈ రెండు ఆదివారాలను గుర్తుపెట్టుకోరు.

దీనికి మందు ఉంది, అదీ సులువైనదే. సమయం రాసినచోటల్లా యూటీసీకి అది ఎంత ముందో, ఎంత వెనకో కూడా రాయాలి. డల్లాస్ గడియారంతోనే రాసినా ఫరవాలేదు, ఇలా ఉండాలి:

```
2026-11-01T01:00-05:00
2026-11-01T03:00-06:00
```

చివరి అంకెలను సర్దితే మొదటిది యూటీసీ ఆరు గంటలు, రెండోది తొమ్మిది. మూడు గంటలని ఎవరు లెక్కేసినా తేలుతుంది. 'ఐఎస్‌టీ', 'సీఎస్‌టీ' అని పొట్టి పేర్లు రాయడం మాత్రం మానుకోవాలి. ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్‌లో ఇంకో అర్థం, సీఎస్‌టీ అంటే చైనాలో ఇంకోటి. వేసవిలో కూడా సీఎస్‌టీ అని రాసే అమెరికన్లు కొల్లలు. ఒప్పందంలో `Asia/Kolkata`, `America/Chicago` అని కంప్యూటర్లు గుర్తించే పేర్లు రాస్తే గడియారం తిప్పే తేదీలు కూడా వాటితోనే వచ్చేస్తాయి. డల్లాస్‌కు షికాగో పేరేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు, ఆ మండలానికంతటికీ పెట్టిన పేరది. షీట్‌లో నింపేవారు ఇంకో సంగతి గమనించాలి. స్ప్రెడ్‌షీట్ గడిలో తేదీ, సమయం ఉంటాయి కానీ టైమ్‌జోన్ ఉండదు. అందువల్ల మొదలు, ముగింపు అనే రెండు గడులనూ యూటీసీలోనే నింపాలి. '3 గంటలు' అని మొత్తం ఒక్కటే రాసే పద్ధతి పేచీ వచ్చిన రోజున దేనికీ పనికిరాదు.

ఇంతకన్నా చిక్కైనది వారం ముగింపు. చాలా కంపెనీలు 'శుక్రవారం సాయంత్రం ఐదు' అని పెడతాయి. డల్లాస్‌లో అది సహజమే. కానీ మనకు అది వేసవిలో శనివారం తెల్లవారుజాము 3.30, చలికాలంలో 4.30. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఐదు దాకా షిఫ్టు చేసేవాడికి ఈ గీత పనివేళ నడిమధ్యన పడుతుంది. వేసవిలో శుక్రవారం రాత్రి చేసిన ఎనిమిది గంటల్లో ఆరున్నర ఈ వారానికి, గంటన్నర పై వారానికి వెళతాయి. ఏ వారానికి ఆ వారం నలభై గంటలే వస్తాయి కాబట్టి ఇది ఎవరి కంటా పడదు.

నవంబర్‌లో గడియారం తిప్పిన వారంలో చూడండి. మనవాడు మన గడియారం ప్రకారం తొమ్మిదికే మొదలుపెడుతూ ఉంటే, వెనకటి శుక్రవారం నుంచి దొర్లివచ్చిన గంటన్నర, నాలుగు రాత్రుల 32 గంటలు, ఈ శుక్రవారం 4.30 వరకు ఏడున్నర. మొత్తం 41. రోజూ చేసింది ఎనిమిదే అయినా ఖాతా మాత్రం 41 అంటుంది. వారానికి 40 మించరాదన్న షరతు ఉంటే ఆ ఒక గంటకు డబ్బు రాదు. మార్చిలో సర్దుకుంటుందిలే అనుకుంటే పొరపాటు. మార్చిలో ఆ వారం లెక్క 39కి పడుతుంది, 39కే కడతారు. నవంబర్‌లో పరిమితి మింగిన గంట తిరిగి రాదు. ఇలాంటి తేడాను పోల్చుకోవడానికి ఒక గుర్తుంది. నెల మొత్తం సరిపోయి వారాలు మాత్రం కుదరకపోతే తప్పు గీత దగ్గర ఉన్నట్టు. నెల మొత్తంలోనే సరిగ్గా ఒక గంట తేడా ఉంటే ముందు ఆ రెండు ఆదివారాలను చూడాలి.

గీతను ఇద్దరూ పని చేయని వేళకు జరపాలన్నది నా వాదన. ఆదివారం అర్ధరాత్రి యూటీసీ ఇందుకు బాగా కుదురుతుంది. మనకు సోమవారం ఉదయం 5.30, ఏడాది పొడవునా మారదు. డల్లాస్‌కు ఆదివారం సాయంత్రం ఏడు, చలికాలంలో ఆరు. అక్కడ గంట జరిగినా ఆ వేళ ఎవరూ పనిలో ఉండరు. అప్‌వర్క్ కూడా గంటల ఒప్పందాలకు వారాన్ని సోమవారం నుంచి ఆదివారం దాకా యూటీసీ ప్రకారమే లెక్కిస్తుంది. తమ పనివారం శుక్రవారంతో ముగుస్తుంది కాబట్టి ఖాతా కూడా అప్పుడే ముగియాలన్న పట్టుదల కంపెనీకి అక్కర్లేదు. శని, ఆదివారాలు ఖాళీగా ఉండి పోయేదేమీ లేదు.

గంటలు మూతపడే వేళ, ఇన్‌వాయిస్ అందాల్సిన వేళ ఒకటిగా ఉండకూడదు. రెండూ ఒకటైతే ఆఖరి గంటలో పనిచేసినవాడు ఆ పనిని చేయకముందే బిల్లు రాయాలి. మధ్యలో పన్నెండు గంటలైనా విడిచిపెట్టాలి. సోమవారం మధ్యాహ్నం యూటీసీ అంటే మనకు సాయంత్రం 5.30, డల్లాస్‌లో ఆఫీసు ఇంకా తెరవలేదు. తప్పులు దిద్దుకోవడానికి మనవాడికి పగలంతా ఉంటుంది. ఆ తరువాత గుర్తొచ్చిన గంటలు పై ఇన్‌వాయిస్‌లో, చేసిన తేదీతోనే చేరాలి. 'గడువు దాటింది, రద్దు' అనే వాక్యం కనిపిస్తే సంతకానికి ముందే కొట్టేయించాలి. గడువు చెల్లింపును వాయిదా వేయవచ్చు, చేసిన పనిని చెరిపేయకూడదు.

మార్చి 31న ఒక జాగ్రత్త. డల్లాస్‌లో ఆ సాయంత్రం ఆరింటికి పంపిన బిల్లుకు ఇక్కడ ఏప్రిల్ 1, కొత్త ఆర్థిక సంవత్సరం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, పన్ను కట్టకుండా సేవలు ఎగుమతి చేసేవారికి ఎల్‌యూటీ ఏటా కొత్తగా కావాలి. కాబట్టి ఇన్‌వాయిస్ మీద మన తేదీనే వేసి, అందులో ఏ గంటల నుంచి ఏ గంటల దాకా ఉన్నాయో యూటీసీలో విడిగా రాయడం మేలు.

ఒప్పందంలో చేరాల్సింది మూడు వాక్యాలే: 'ప్రతి పనివేళ మొదలు, ముగింపు యూటీసీలో నమోదు చేయాలి. వారం ఆదివారం 24:00 యూటీసీకి ముగుస్తుంది, ఇన్‌వాయిస్ సోమవారం 12:00 యూటీసీలోగా అందాలి. ఆలస్యంగా నమోదైన గంటలు తరువాతి ఇన్‌వాయిస్‌లో చెల్లుతాయి.' గంటల లెక్కన పనిచేసేవారు ఇప్పుడున్న ఒప్పందం తెరిచి ఇవి ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే నవంబర్ 1కి ముందే ఒక ఈమెయిల్ రాసి, అటువైపు నుంచి అంగీకారం రాతలో తెప్పించుకోవాలి.