జూలై పెంపు – యాజమాన్యం లెక్క, మన లెక్క



దీపావళి బోనస్ ముంగిట మిల్లు గేటు దగ్గర ఒక నోటీసు అతికించారు. ఇది మన షోలాపూర్‌లోని ఒక మిల్లు సంగతి, పేరు అవసరం లేదు. అందులో రెండు ముక్కలు ఉన్నాయి. "ఇంక్రిమెంటు వల్ల ప్రతి కార్మికుడికీ ఈ సంవత్సరం 14,400 రూపాయలు అదనంగా ముట్టింది" అన్నది మొదటి ముక్క. "పాత పగారు, కొత్త పగారు కలిపి సగటు తీసి బోనస్ లెక్క కట్టాము" అన్నది రెండోది. రెండూ ఒకే కాగితం మీద, ఒకే సంతకం కింద ఉన్నాయి. రెండూ తప్పే. ఒక తప్పు యాజమాన్యాన్ని దాతగా చూపిస్తుంది, రెండో తప్పు మన జేబులోంచి తీస్తుంది. పొరపాటు అయితే ఒకసారైనా మనవైపు మొగ్గాలి కదా! ఈ పొరపాటు ఎప్పుడూ ఆఫీసు వైపే ఎందుకు మొగ్గుతోంది?

మేము ఈ లెక్కను రింగ్ ఫ్రేము ఖాతాలో పనిచేసే ఒక సోదరుడి పగారు చీటీలు ముందు పెట్టుకుని చేశాము. జూన్ వరకు ఆయనకు మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 14,000 రూపాయలు. జూలై 1 నుంచి 1,200 పెరిగి 15,200 అయింది. బోనస్‌కు లెక్క చూసే సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఈ మాట గట్టిగా పట్టుకోండి, మోసమంతా ఇక్కడే దాక్కుని ఉంది.

ఏప్రిల్, మే, జూన్ – మూడు నెలలు పాత పగారు. 14,000 చొప్పున 42,000. జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలు కొత్త పగారు. 15,200 చొప్పున 1,36,800. రెండూ కలిపితే 1,78,800 రూపాయలు. ఇదే ఆయన ఆ సంవత్సరం సంపాదించినది. పన్నెండుతో భాగిస్తే నెలకు 14,900 పడుతుంది. ఈ సగటు 14,000కూ 15,200కూ సరిగ్గా మధ్యలో లేదు, కొత్త పగారుకే దగ్గరగా ఉంది. ఎందుకంటే కొత్త పగారు మూడు రెట్లు ఎక్కువ నెలలు నడిచింది.

ఇప్పుడు ఆఫీసు వారి సగటు చూడండి. 14,000కు 15,200 కలిపి రెండుతో భాగించారు, 14,600 వచ్చింది. దాన్ని పన్నెండుతో గుణించి 1,75,200 అన్నారు. అంటే సోదరుడు నిజంగా సంపాదించిన దానికన్నా 3,600 తక్కువ. రెండు పగార్లను కలిపి సగం చెయ్యడం ఎప్పుడు సరిపోతుంది? పాతది ఆరు నెలలు, కొత్తది ఆరు నెలలు నడిస్తేనే. జనవరి నుంచి డిసెంబరు దాకా లెక్క చూసేవారికి జూలై పెంపు అలాగే పడుతుంది. కానీ మన బోనస్ సంవత్సరం జనవరిలో మొదలు కాదు. క్యాలెండరు గోడకు ఒకటి, ఖాతా పుస్తకానికి ఇంకొకటి అన్న సంగతి ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు తెలియదా? తెలుసు. అదే గుమాస్తా కంపెనీ లాభనష్టాలు ఏప్రిల్ నుంచే రాస్తాడు.

ఆ మిల్లులో ఒప్పందం ప్రకారం బోనస్ అసలు సంపాదన మీద నూటికి 8.33 చొప్పున. 1,78,800 మీద అది సుమారు 14,894 రూపాయలు. ఆఫీసు లెక్క ప్రకారం 1,75,200 మీద సుమారు 14,594. తేడా మూడు వందలు. "మూడు వందలకు ఇంత గోలా?" అంటాడు లేబర్ ఆఫీసరు. అదే పగారు మీద 400 మంది ఉంటే ఆ మూడు వందలు 1,20,000 అవుతాయి. మన దగ్గర చిల్లర, వారి దగ్గర మూట. బోనస్‌కు చట్టపు పైపరిమితి పెట్టి, ఆ పరిమితి మీదే ఇచ్చే మిల్లుల్లో పగారు పరిమితి దాటినవారికి ఇంక్రిమెంటు తేడా బోనస్‌లో కనబడదు. అక్కడ ఈ గొడవ రాదు. మీ మిల్లులో ఏది నడుస్తోందో ఒప్పందం కాగితం చూసి తేల్చుకోండి. అసలు సంపాదన మీద అని ఉంటే మాత్రం నెలలు లెక్కపెట్టకుండా వేలిముద్ర వెయ్యకండి.

ఇక ఆ 14,400 సంగతి. నెలకు 1,200 పెంపును పన్నెండుతో గుణిస్తే 14,400 వచ్చే మాట నిజమే. కానీ ఈ సంవత్సరం పెంపు ముట్టింది తొమ్మిది నెలలు. తొమ్మిది పన్నెండు వందలు 10,800. నిరుడు మొత్తం 1,68,000 వచ్చిన చోట ఈసారి 1,78,800 వచ్చింది. నెల పగారులో పెంపు నూటికి ఎనిమిదిన్నర దాటింది, సంవత్సరం మీద చూస్తే నూటికి ఆరున్నర కూడా లేదు. నోటీసులో పెద్ద అంకె వేశారు, ఇంట్లోకి చిన్న అంకె వచ్చింది. బోనస్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ పెంపును ఆరు నెలలకు కుదించారు! చాటింపుకు పన్నెండు నెలలు, చెల్లింపుకు ఆరు నెలలు, నిజానికి తొమ్మిది నెలలు. ఒకే ఇంక్రిమెంటుకు మూడు వయసులా?

ఇంతటితో అయిపోలేదు. రేపటి మోసం ఇప్పుడే చెప్పి పెడుతున్నాము. వచ్చే సంవత్సరం ఒక్క పైసా పెంచకపోయినా మన సోదరుడి సంపాదన పన్నెండు నెలలూ 15,200 చొప్పున 1,82,400 అవుతుంది. ఈ సంవత్సరం కన్నా 3,600 ఎక్కువ. అప్పుడు యాజమాన్యం బల్ల ముందు కూర్చుని "చూడండి, ఈ ఏడు కూడా మీ సంపాదన పెరిగింది కదా, మళ్లీ ఇంక్రిమెంటు ఎందుకు?" అంటుంది. పోయిన ఏప్రిల్, మే, జూన్‌లలో అందని పెంపు ఈ ఏప్రిల్, మే, జూన్‌లలో అందుతోంది, అంతే. అది కొత్త పెంపు కాదు, పాత పెంపు తోక. తోకను చూపించి కొత్త ఆవును ఇచ్చామంటే ఒప్పుకునే అమాయకులం కాము. మాట్లాడవలసింది జూన్ పగారుకూ జూలై పగారుకూ మధ్య తేడా గురించి.

మనవాళ్లలో కూడా రెండు పొరపాట్లు చూశాము. వాటిని దాచడం సంఘానికి గౌరవం కాదు. ఒక సోదరుడు బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చి "ఆఫీసు నన్ను ఇంకా మోసం చేసింది, కొత్త పగారు ఎనిమిది నెలలే పడింది" అన్నాడు. అక్కడ మోసం లేదు. మార్చి పగారు ఏప్రిల్‌లో చేతికి వస్తుంది, జూలై పగారు ఆగస్టులో వస్తుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా పాస్‌బుక్కు చూస్తే పాతవి నాలుగు, కొత్తవి ఎనిమిది కనబడతాయి. బోనస్‌కు చూసేది ఏ నెల పనికి ఎంత సంపాదించామన్నది, ఏ తేదీన జమ అయిందన్నది కాదు. పైగా పాస్‌బుక్కులో పడేది పి.ఎఫ్. లాంటి కోతలు పోగా మిగిలింది. అందుకే పగారు చీటీలే పట్టుకురండి. ఇంకొక సోదరుడు పన్నెండు నెలలూ 15,200 మీదే బోనస్ కావాలన్నాడు. పెంపు ఏప్రిల్ నుంచి అమలైతే అది న్యాయం. ఒప్పందంలో జూలై అని రాసి ఉన్నప్పుడు అది మన లెక్కలో తప్పు. తప్పు లెక్కతో బల్ల ముందుకు వెళితే మన సరైన లెక్కను కూడా వారు నమ్మరు.

బదిలీ కార్మికుల సంగతి వేరుగా చెప్పాలి. వారికి నెలలు కాదు, హాజరీలు లెక్క. వైండింగ్ ఖాతాలో ఒక సోదరికి జూన్ వరకు రోజుకు 540, జూలై నుంచి 585. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 60 హాజరీలు, ఆ తరువాత మార్చి దాకా 190 హాజరీలు. 60 రోజులకు 32,400, 190 రోజులకు 1,11,150. మొత్తం 1,43,550. ఆఫీసు వారు ఇక్కడ కూడా రెండు రేట్ల మధ్య 562.50 పట్టుకుని 250 హాజరీలకు 1,40,625 అని తేల్చారు. 2,925 రూపాయలు గాలిలో కలిసిపోయాయి. మస్టర్ రోల్ వారి దగ్గరే ఉంది. ఏ రోజు ఏ రేటు అన్నది అందులో చూడడానికి ఎంతసేపు పడుతుంది?

ఒప్పందం సంతకం ఆలస్యమైన చోట ఇంకొక జాగ్రత్త కావాలి. జూలై నుంచి అమలు అని రాసి అక్టోబరులో సంతకం చేస్తే, జూలై, ఆగస్టు, సెప్టెంబరు బకాయి 3,600 ఒకేసారి చేతికి వస్తుంది. దాన్ని "బహుమతి" అనో "ఒకసారి చెల్లింపు" అనో చీటీలో రాస్తే ఒప్పుకోవద్దు. అది పగారు బకాయి. పగారు అని రాస్తేనే పి.ఎఫ్.లోకి వెళుతుంది, బోనస్ లెక్కలోకి వస్తుంది. బకాయి సరిగ్గా చేరితే సంవత్సరం మొత్తం మళ్లీ అదే 1,78,800 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక నెల మింగేశారన్నమాట.

అసలు జూలై ఎందుకు? పాత ఒప్పందం మార్చి 31న ముగిసింది. ఏప్రిల్ 1 నుంచి కొత్తది అమలు కావాలి. "మూడు నెలలే కదా, సర్దుకోండి" అన్నారు. ఆ మూడు నెలల ధర మనిషికి 3,600. తరువాత ఎన్ని పెంపులు వచ్చినా ఆ మూడు నెలలు తిరిగి రావు. ఏప్రిల్, మే, జూన్‌లలో మగ్గం ఆగలేదు, నూలు తగ్గలేదు, ఇంటి కిరాయి ఆగలేదు. పెంపు ఒక్కటే ఆగింది.

అందుచేత మన డిమాండ్లు ఇవి. బోనస్ చీటీ మీద పాత పగారు నెలలు, కొత్త పగారు నెలలు, బదిలీలకు హాజరీలు విడివిడిగా రాయాలి. తప్పు సగటు మీద కోసిన తేడాను దీపావళికి ముందే చెల్లించాలి. రాబోయే ఒప్పందం పాతది ముగిసిన మరునాటి నుంచే అమలు కావాలి.

ప్రతి కార్మికుడూ ఏప్రిల్ నుంచి మార్చి దాకా పన్నెండు పగారు చీటీలు వరుసగా పెట్టి కూడండి. కూడిక రాని సోదరులు, సోదరీమణులు చీటీలు పట్టుకుని సెలవు రోజున సంఘం ఆఫీసుకు రండి, కూర్చుని కలిసి చేద్దాం. ఆ కాగితాలన్నీ ఒక దొంతరగా యాజమాన్యం బల్ల మీద పెడదాం. నోటీసు బోర్డు మీది 14,400 అప్పుడు ఏమవుతుందో చూద్దాం.