కొత్తగా వచ్చే సీహెచ్‌ఓ కబురు ముందు సంతకు చేరాలి

కోంటా, భోపాలపట్నం వైపు ఉప ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి, మితానిన్ అక్కలకు, పంచాయతీ పెద్దలకు విజ్ఞప్తి

మన ఉప కేంద్రానికి కొత్త కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌ను, అంటే సీహెచ్‌ఓను, వేసినట్టు ఉత్తర్వు వస్తుంది. అది ఆఫీసు ఫైల్లోనే ఆగిపోతే మనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాక గాని ఊరికి తెలియదు. ‘ఈమె డాక్టరమ్మా, నర్సమ్మా? సూది వేస్తుందా, మాత్రలిస్తుందా?’ అని జనం అడిగితే మితానిన్ దగ్గర జవాబుండదు. ఇరవై ఏళ్లుగా గూడెంలో ప్రతి జ్వరాన్నీ చూసిన మనిషికి ఇది చిన్నతనంగా ఉంటుంది. మితానిన్ పథకం మొదలైంది 2002లో, దేశమంతటా ఆశా కార్యకర్తలు రాకముందే. అలాంటి మనిషికి కబురు చివర అందడం తగదు.

దీనివల్ల జరిగే నష్టం మలేరియా మందులో కనిపిస్తుంది. వైవాక్స్ మలేరియాకు మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. జ్వరం మూడో రోజుకే దిగుతుంది కాబట్టి మిగతా మాత్రలు చూరులో పడతాయి. కాలేయంలో దాగిన క్రిములు కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తాయి. పద్నాలుగు రోజులూ మాత్రలు మింగారా, మధ్యలో మూత్రం నల్లబడిందా అని అడగాల్సింది గూడెంలో ఉన్న మితానిన్. మూత్రం నల్లబడితే మందు ఆపి వెంటనే కేంద్రానికి పంపాల్సిందీ ఆమే. కానీ కొత్త సీహెచ్‌ఓ ఎవరో ఆమెకు, ఆమె ఎవరో సీహెచ్‌ఓకు తెలియనప్పుడు ‘ఫలానా ఇంట్లో మందు మొదలైంది’ అన్న మాట కేంద్రం గడప దాటదు.

అందుకే మేము కోరేది ఒక్కటే. సీహెచ్‌ఓ రావడానికి వారం ముందే ప్రకటన తయారుచేసి, మితానిన్‌ల సమావేశంలో, వారపు సంతలో చదివి వినిపించాలి. 2019 నుంచి హాట్ బజార్ క్లినిక్ పథకం కింద వైద్యాన్నే సంతకు తెచ్చిన రాష్ట్రం మనది. మనిషి కబురు సంతకు తేవడం అంతకన్నా కష్టమేమీ కాదు. చదివేది హిందీలో మాత్రమే కాకూడదు. దొర్లి, గోండి, తెలుగులో ఏ ఊరికి ఏది నడిస్తే అందులో చెప్పాలి.

ప్రకటన ఇలా ఉంటే చాలు:

‘మన కేంద్రానికి కొత్త సీహెచ్‌ఓ వస్తున్నారు. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆరు నెలల సామాజిక ఆరోగ్య శిక్షణ పొందారు. హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడతారు, దొర్లి ఇంకా రాదు. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు చూస్తారు, జ్వరం పరీక్ష చేసి మందిస్తారు, పెద్ద జబ్బయితే పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. ఆపరేషన్లు చేయరు. టీకాలకు, గర్భిణుల పరీక్షలకు ఏఎన్ఎం అక్క ఎప్పటిలాగే ఉంటారు. వచ్చే సంత మర్నాటి నుంచి రోగులను చూస్తారు.’

ఇందులో ‘చేయరు’, ‘రాదు’ అన్న మాటలు కావాలనే పెట్టాం. ఆపరేషన్లు చేయరని ముందే తెలిస్తే ఎవరూ ఆశపడి నిరాశపడరు. ఏఎన్ఎం పని ఏదో తేలితే, తన పైకి అజమాయిషీకి ఎవరినో పంపారన్న అనుమానం ఆమెకు రాదు. తేదీ విషయంలోనూ జాగ్రత్త ఉండాలి. జిల్లాలో చేరిన రోజు వేరు, రోగిని చూసే రోజు వేరు. ఊరికి కావలసింది రెండోది. అది సంత లెక్కన చెబితేనే గుర్తుంటుంది.

రాయకూడనివీ ఉన్నాయి. సీహెచ్‌ఓ పెళ్లి, కులం, అద్దె గది, సొంత ఫోన్ నంబరు ఊరికి అక్కర్లేదు. ఒంటరిగా వచ్చే ఆడపిల్ల భద్రత ముఖ్యం.

ఇక స్వాగతం. పూలదండ వద్దు. మొదటి వారం ఒక్కో మితానిన్ ఒక్కో గూడేనికి ఆమెను నడిపించుకు వెళ్లాలి. ఏ వాగు వానాకాలంలో దాటనివ్వదో చూపించాలి. పటేల్‌ను, వడ్డెను పరిచయం చేయాలి, ఎందుకంటే జ్వరం వస్తే చాలా ఇళ్లు ముందు తొక్కేది వడ్డె గడపే. మొదటి నెల ఓపీలో దొర్లి తెలిసినవారు ఒకరు పక్కన కూర్చోవాలి. ‘నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, మాత్ర ఎప్పుడు మింగాలి’ అనే నాలుగు మాటలు ఆమెకు అక్కడే నేర్పాలి. ఆ కూర్చునేవారికి రోజు కూలి పంచాయతీ చూసుకోవాలి. ఉత్తచేతుల సాయం వారం దాటి నిలవదు.

నెల తర్వాత సంతలో పదిమందిని అడగండి: కొత్తామె ఏం చేస్తారు, ఏం చేయరు? సగం మంది తడబడితే ప్రకటన సరిగా చేరనట్టే, మళ్లీ చదవండి. జ్వరం రోగుల పట్టీ తీసి, పద్నాలుగో రోజు మాత్ర ఎవరు చూశారో గళ్లలో వెతకండి. అక్కడ మితానిన్ పేరు కనిపిస్తే కొత్త మనిషి జట్టులో కలిసినట్టు.

ఇట్లు,
ఈ దారుల్లో తిరిగే కొందరు ఆరోగ్య కార్యకర్తలు