రెండు తెరలు, ఒకే తెలుపు
బెజవాడలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే బల్ల మీద పాత మానిటర్ పక్కన కొత్తది చేరితే, రెంటికీ బ్రైట్‌నెస్ 50 పెట్టి సరిపోయిందనుకోవడం పొరపాటు. ఆ అంకె ఏ తెరకు ఆ తెర సొంత లెక్క, వెలుగుకు కొలత కాదు. అరగంట వెలగనిచ్చి, రెంటిలోనూ తెల్ల పేజీ తెరిచి, ఎక్కువ వెలిగేదాన్ని మసకదాని స్థాయికి దించాలి. ఆ తర్వాతే ఎరుపు, ఆకుపచ్చ, నీలం సెట్టింగులు కొద్దికొద్దిగా తగ్గిస్తూ రెంటి తెలుపునూ ఒకేలా చేయాలి. తెలుపు ఒకేలా అయ్యాక కూడా మంగళగిరి చీర ఎరుపు కొత్తదాంట్లో మండిపోతుంటే, కారణం దాని విశాలమైన రంగుల పరిధి. దాన్ని sRGB మోడ్‌లో పెట్టాలి. కాలిబ్రేటర్ కొంటే సరిపోదా అంటారు. అది తేడాను కళ్లకన్నా కచ్చితంగా కొలుస్తుంది, కానీ పాత ప్యానెల్ చూపలేని రంగును తెచ్చిపెట్టలేదు. అందుకే రంగు తీర్పు మెరుగైన తెర మీదే ఇవ్వండి, రెండోదాన్ని టూల్స్‌కు వదిలేయండి.